తెల్ల చొక్కాని మెరూన్ చెయ్యమన్నారు: మడతలు ఎక్కడికీ పోలేదు, కానీ చొక్కా రబ్బరు తొడుగైపోయింది

మాది పాలకొల్లు దగ్గర చిన్న స్టూడియో, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు ఇవే మా పంట. మొన్న మార్చిలో ఒక షష్టిపూర్తి చేశాం. ఇంటిల్లిపాదీ మెరూన్ బట్టలు అని ముందే అనుకున్నారు, పెద్దాయన మెరూన్ చొక్కా, కొడుకులిద్దరికీ అదే తానులోంచి, ఆడవాళ్ళకి మెరూన్ అంచు పట్టుచీరలు. పెద్దల్లుడు గారు మాత్రం హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగారు, ఆ మెరూన్ చొక్కా ఇస్త్రీకి ఇచ్చి తెచ్చుకోడం మర్చిపోయారట, తెల్ల చొక్కాతో వచ్చేశారు. ఆయన కూతురు, ఏడెనిమిదేళ్ళ పాప, క్రీమ్ కలర్ లాంగ్ ఫ్రాక్ వేసుకుంది. అందరినీ ఇంటి వెనక కొబ్బరి తోటలో నిలబెట్టి గ్రూప్ ఫోటో తీశాం, ఒక పక్క కాలవ, ఇంకో పక్క దాళ్వా చేలు, ఎటు చూసినా పచ్చగా ఉంది, నాకైతే ఫ్రేమ్ బాగా నచ్చింది.

నాలుగు రోజులకి అత్తగారు ఫోన్ చేశారు. "బాబూ, అల్లుడి గారి చొక్కా కూడా మెరూన్ చేసేయ్యండి, పాప ఫ్రాకు లేత గులాబీ చెయ్యండి, ఆల్బమ్ మొదటి షీటు మీద అదే ఫోటో పడాలి" అన్నారు. సరేనండి పెద్ద పనేం కాదు అన్నాను. అక్కడే దొరికిపోయా.

అప్పుడు నేను చేసింది అందరూ చేసేదే. ఫోటోషాప్‌లో చొక్కా సెలెక్ట్ చేసి, సాలిడ్ కలర్ లేయర్ వేసి, మోడ్ మల్టిప్లైలో పెట్టి, పది నిమిషాల్లో వాట్సాప్‌లో పంపేశా. మడతలన్నీ ఉన్నాయి, నీడలున్నాయి, గుండీలు కూడా కనపడుతున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నా. అత్తగారు అరగంటకి వాయిస్ మెసేజ్ పెట్టారు: "బాగానే ఉంది గానండీ బాబూ, అల్లుడి గారికి రబ్బరు తొడుగు తొడిగినట్టుందేంటి, మా ఆయన చొక్కాలాగా గుడ్డలా లేదు". ఆవిడకి ఫోటోషాప్ తెలీదు, కానీ ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ అలాగే కనపడింది. ఎందుకలా అయిందో తేల్చుకోడానికి ఒక సాయంత్రం పట్టింది, ఇప్పుడు రాసేదంతా ఆ సాయంత్రం సంగతి.

ముందు కలర్ మోడ్ సంగతి చెప్పేస్తా, ఎందుకంటే మా దగ్గర పనిచేసే తమ్ముడు "అన్నా, కలర్ మోడ్ పెడితే అయిపోద్ది కదా, రంగు మార్చడానికే కదా అది ఉంది" అన్నాడు. సరే పెట్టి చూపించా. పెద్దాయన చొక్కా మీద ఐడ్రాపర్‌తో తీస్తే మెరూన్ ఎరుపు, పచ్చ, నీలం చానల్స్‌లో వరసగా 122, 24, 38 వచ్చింది. అదే రంగుని అల్లుడి గారి తెల్ల చొక్కా మీద కలర్ మోడ్‌లో పెడితే వచ్చింది 255, 231, 235. అంటే చిన్నపిల్లల పౌడర్ డబ్బా రంగు. తమ్ముడు నవ్వాడు. కారణం ఏంటంటే కలర్ మోడ్ మన రంగులోంచి ఏ రంగు, ఎంత గాఢత అనే రెండే తీసుకుంటుంది, వెలుతురు మాత్రం కింద ఉన్న ఫోటోదే ఉంచుతుంది. కింద ఉన్నది తెల్ల చొక్కా, అంటే వెలుతురు దాదాపు నిండుగా ఉంది, అంత వెలుతురులో మెరూన్ అనేది ఉండనే ఉండదు, అందుకని ఆ వెలుతురు దగ్గర ఎంత ఎరుపు పడుతుందో అంతే పెట్టి ఊరుకుంటుంది. మూడు చానల్సూ అచ్చంగా 255, అంటే నిండు తెలుపు ఉన్నచోట అయితే అదీ పడదు, తెలుపు తెలుపులాగే ఉండిపోద్ది. కాబట్టి తెలుపుని ముదురు రంగు చెయ్యాలంటే వెలుతురు తగ్గించే మోడ్ కావాలి, అది మల్టిప్లై.

మల్టిప్లై లెక్క చాలా చిన్నది, ఒక్కో చానల్‌కీ ఇంతే:

```
result = base × fill ÷ 255
```

base అంటే కిందున్న ఫోటో, fill అంటే మనం వేసే రంగు. కింద 255 ఉంటే మన రంగు ఉన్నదున్నట్టు వస్తుంది, కింద నీడ ఉంటే మన రంగు ఆ నీడ మేరకు తగ్గుతుంది. అందుకే మడతలు పోవు. అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు, నేనూ ఇక్కడిదాకా తెలుసుకునే పదేళ్ళు పని లాగించా.

ఇప్పుడు రబ్బరు తొడుగు ఎందుకయిందో చూద్దాం. నాకు అదృష్టం ఏంటంటే అదే ఫోటోలో, అదే వెలుతురులో, నిజమైన మెరూన్ చొక్కా ఇంకోటి ఉంది, పెద్దాయనది. కొలిచి చూసుకోవచ్చు. ఇన్ఫో ప్యానెల్ తెరిచి, ఐడ్రాపర్ శాంపిల్ సైజు 5 బై 5 యావరేజ్ పెట్టుకుని (పాయింట్ శాంపిల్ పెడితే ఒక్క నాయిస్ పిక్సెల్ పట్టుకుని మోసం చేస్తుంది) ఇద్దరి చొక్కాల మీదా మూడేసి చోట్ల కొలిచా: ఛాతీ మీద సాపుగా ఉన్న చోటు, మోచెయ్యి పైన మామూలు మడత, చంక కింద లోతు మడత. పెద్దాయన మెరూన్ చొక్కాలో ఎరుపు చానల్ వరసగా 122, 76, 41. అల్లుడి గారి తెల్ల చొక్కాలో, రంగు తీసేసి చూస్తే, 237, 172, 122.

తెల్ల చొక్కాలో మామూలు మడత సాపు చోటుకి 73 శాతం వెలుతురుంది. మెరూన్ చొక్కాలో అదే రకం మడత 62 శాతమే. లోతు మడతకి వస్తే తెలుపులో సగం పైచిలుకు ఉంటే మెరూన్‌లో మూడో వంతు. ఇద్దరూ ఒకే చెట్టు కింద పక్కపక్కన నిలబడ్డారు, తేడా మనిషి నిలబడ్డ తీరులో కొంత ఉండొచ్చు గానీ ఇంత ఉండదు. తేడా గుడ్డదే. తెల్ల గుడ్డ మీద పడ్డ వెలుతురు చాలామటుకు వెనక్కి వస్తుంది, మడతలో ఒక గోడ మీద పడి ఎగిరిన వెలుతురు ఎదుటి గోడ మీద పడుతుంది, అది మళ్ళీ ఇటు కొడుతుంది, అలా మడత లోపలంతా వెలుతురు నిండిపోయి నీడ పలచబడుతుంది. సున్నం వేసిన ఇరుకు సందు మిట్టమధ్యాహ్నం ఎంత వెలుగ్గా ఉంటుందో చూడండి, అలాంటిదే. మెరూన్ గుడ్డ పడ్డ వెలుతుర్ని మింగేస్తుంది, ఎదుటి గోడకి పంపడానికి ఏమీ మిగల్చదు, అందుకని దాని మడత నిజంగా చీకటిగా ఉంటుంది.

అంటే మల్టిప్లై చేసినప్పుడు మనం కాపాడుకున్నది తెల్ల గుడ్డ నీడల్ని. మెరూన్ రంగుకి తెల్ల గుడ్డ పలచటి నీడలు తగిలించాం. లోపల్నుంచి వెలుగుతున్నట్టు, సాపుగా, రబ్బరులా కనపడింది అందుకే. నీడ పోకుండా కాపాడితే చాలదు, వెయ్యబోయే రంగుకి తగ్గట్టు నీడని ముందే ముదర పెట్టుకోవాలి, అదీ మల్టిప్లై కిందే చెయ్యాలి.

దానికి మల్టిప్లై లేయర్ కింద ఒక లెవెల్స్ లేయర్. తెల్ల స్లైడర్‌ని 248 దగ్గర పెట్టా, మధ్య స్లైడర్‌ని 1.00 నుంచి 0.66 కి దించా. ఈ 0.66 ఊరికే వచ్చింది కాదు, 73 శాతం ఉన్న మడత 62 దగ్గరికి రావాలంటే ఎంత దించాలో అంత, మీకు లెక్క చెయ్యడం ఇష్టం లేకపోతే స్లైడర్ జరుపుతూ ఇన్ఫో ప్యానెల్ చూస్తే చాలు. నల్ల స్లైడర్ ముట్టుకోకండి, దాన్ని జరిపితే లోతు మడతలు మసి పూసినట్టు ఒకటే నలుపై ఊరుకుంటాయి, మధ్య స్లైడర్ అయితే అన్నిటినీ వాటి వరసలో ముదర పెడుతుంది.

ఇంకో చిన్న మెలిక. ఫోటోలోంచి తీసిన 122, 24, 38 ని అలాగే ఫిల్‌లో పెడితే చొక్కా అనుకున్నదానికంటే ముదురుగా వస్తుంది, ఎందుకంటే సాపు చోటు కూడా 255 లేదు, మల్టిప్లై ఎప్పుడూ ఎంతో కొంత తగ్గిస్తుంది. అందుకని ఫిల్ రంగుని కాస్త పెంచి 130, 26, 40 పెట్టా. అప్పుడు ఎరుపు చానల్ 121, 74, 44 వచ్చింది. పెద్దాయనది 122, 76, 41. లెవెల్స్ ఆపేసి చూస్తే 121, 88, 62. ఆ 62 కీ 44 కీ మధ్య ఉన్నదే రబ్బరుకీ గుడ్డకీ తేడా అండీ ఆయ్.

లేయర్ల వరస ఇది, స్క్రీన్ మీద పేర్లు ఉన్నట్టే ఇస్తున్నా, పైది పైన, కిందది కింద:

```
Group (mask: shirt, Pass Through)
  Highlights       Screen    18%
  Color Fill       Color     20%
  Color Fill       Multiply  100%
  Levels           0.66
  Hue/Saturation   -100
Clone layer
Background
```

మాస్క్ ఒక్కటే, అది గ్రూప్‌కి. లోపలి లేయర్లకి విడివిడిగా మాస్కులు పెడితే తర్వాత చెయ్యి దగ్గర ఒక పిక్సెల్ దిద్దాలన్నా అయిదు చోట్ల దిద్దాలి. గ్రూప్ మోడ్ పాస్ త్రూ లోనే ఉండాలి. తమ్ముడు ఒకసారి దాన్ని నార్మల్ చేశాడు, చొక్కా మొత్తం మెరూన్ కాగితం అతికించినట్టు ఒకటే రంగై కూర్చుంది, మడత ఒక్కటి లేదు. నార్మల్ చేస్తే గ్రూప్ లోపలి మల్టిప్లైకి కింద ఫోటో కనపడదు, గుణించడానికి ఏమీ దొరకదు, ఉత్త రంగు మిగులుద్ది. మీకు ఎప్పుడైనా ఉన్నట్టుండి మడతలన్నీ మాయమైతే ముందు అక్కడ చూడండి.

హ్యూ శాచురేషన్ మైనస్ 100 ఎందుకంటే, కొబ్బరి తోటలో తెల్ల చొక్కా తెల్లగా ఉండదు. ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చిన వెలుతురు, చేల మీంచి ఎగిరిన పచ్చదనం, అన్నీ చొక్కా మీదే. మామూలు మడత 168, 178, 166 ఉంది, పచ్చ చానల్ పది పాయింట్లు ఎక్కువ. నిజం చెప్పాలంటే మెరూన్‌కి ఇది పెద్ద నష్టం చెయ్యదు, మెరూన్‌లో పచ్చ ఉండేదే 26, దాన్ని 178 తో గుణించినా 172 తో గుణించినా ఒక్క పాయింట్ తేడా కూడా రాదు. కానీ రేపు అత్తగారు మనసు మార్చుకుని బూడిద రంగో లేత నీలమో అంటే ఆ పచ్చదనం మొత్తం పైకి తేలుతుంది, పైగా లెవెల్స్ దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకని అలవాటుగా పెట్టేస్తా. క్రీమ్ బట్టకయితే ఇది అలవాటు కాదు, అవసరం. క్రీమ్‌లో నీలం చానల్ తక్కువ, పాప ఫ్రాక్ 246, 234, 206 ఉంది, దాని మీద నేరుగా నీలం మల్టిప్లై చేస్తే ఆ పసుపు నీలాన్ని తినేసి కాలవ నీళ్ళ రంగు తెస్తుంది.

ఇప్పుడు ఆ 20 శాతం కలర్ లేయర్. మల్టిప్లైతో వచ్చిన మెరూన్‌లో సాపు చోటా మడతా ఒకే పాళ్ళలో ఎర్రగా ఉంటాయి, వెలుతురు ఒక్కటే తగ్గుతుంది. నిజం గుడ్డలో అలా ఉండదు, మడతలోకి వెళ్ళిన కాస్త వెలుతురు ఎరుపు గోడకి రెండు మూడు సార్లు తగిలి వస్తుంది కాబట్టి ఇంకా ఎర్రబడి వస్తుంది. పట్టుచీర కుచ్చిళ్ళ లోపల చూడండి, రంగు పైకంటే చిక్కగా ఉంటుంది. కలర్ మోడ్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే అది వెలుతురు ముట్టుకోకుండా రంగు చిక్కదనాన్ని అన్నిచోట్లా ఒకటే చెయ్యాలని చూస్తుంది, చీకటి చోట అది చాలా ఎక్కువ చిక్కదనం అవుద్ది. కానీ నూటికి నూరు పెడితే మడత 74, 15, 23 కాస్తా 105, 1, 15 అయిపోయింది, నీడలో ఎర్ర బల్బు పెట్టినట్టు. 20 శాతం దగ్గర 80, 12, 21 వచ్చింది, అది కంటికి ఇబ్బంది లేదు. ఇంకో ఫోటోలో 10 చాలొచ్చు, 30 దాటాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు. ముదురు రంగుల్లో కలర్ మోడ్ పోపు లాంటిది, కూర మల్టిప్లైయే.

హైలైట్ లేయర్ గురించి. మల్టిప్లై కింద ఉన్న మెరుపుని కూడా రంగుతో గుణించేస్తుంది, అంటే భుజం మీద ఆకాశం వెలుతురు తగిలి మెరిసే చోటు కూడా మెరూన్‌లో మునుగుతుంది. నిజం ముదురు గుడ్డ మీద ఆ మెరుపు గుడ్డ రంగులో ఉండదు, కాస్త పాలిపోయి ఉంటుంది. పెద్దాయన భుజం మీద 160, 78, 88 ఉంది. దానికోసం అసలు చొక్కాని ఇంకో కాపీ తీసి, రంగు తీసేసి, లెవెల్స్‌లో నల్ల స్లైడర్ 232 దాకా తోసేసి, స్క్రీన్ మోడ్‌లో 18 శాతం పెట్టా. అంటే అన్నిటికంటే తెల్లగా ఉన్న భుజాలు, కాలర్ మడత పైభాగం మాత్రమే మిగులుతాయి. 232 కాకుండా 200 దగ్గర ఆపితే ఛాతీ మొత్తం పాలు పోసినట్టు అయిపోద్ది, నేను ముందు అలాగే చేసి తీసేశా. అన్నట్టు నూలు చొక్కాకి ఇది తక్కువ కావాలి, పట్టు, శాటిన్‌కి బాగా ఎక్కువ కావాలి.

ఇక లెక్కకి లొంగని చోట్లు. మొదటిది బనీను. పలచటి తెల్ల చొక్కా కింద బనీను గీత ఎలా కనపడుతుందో మనందరికీ తెలుసు, బనీను ఉన్నచోట ఎక్కువ తెలుపు, లేనిచోట ఒంటి రంగు కలిసి కొంచెం తక్కువ. రంగు తీసేసినా ఆ హెచ్చుతగ్గు పోదు, లెవెల్స్ దించాక ఇంకా తేటగా కనపడింది, మెరూన్ చొక్కాలోంచి బనీను కనపడ్డం ఎవడైనా చూశాడా. గ్రూప్ కింద ఖాళీ లేయర్ పెట్టి, క్లోన్ స్టాంప్ 25 శాతం ఓపాసిటీతో, కరెంట్ అండ్ బిలో పెట్టుకుని మెల్లగా ఆ గీతని కలిపేశా. పావుగంట పట్టింది. గ్రూప్ ఆన్‌లో పెట్టుకునే చెయ్యండి, తెలుపు మీద కనపడని గీత మెరూన్ మీద కనపడుతుంది.

రెండోది ఎండ మచ్చలు. కొబ్బరాకుల సందుల్లోంచి పడ్డ ఎండ ఎడం భుజం కింద రెండు చోట్ల 255 కొట్టేసింది. జేపెగ్‌లో అక్కడ ఏమీ లేదు, తెల్ల కాగితమే. మల్టిప్లై చేస్తే ఆ రెండు చోట్లా నేత, మడత ఏదీ లేకుండా 130, 26, 40 ఒకటే రంగు, అతుకు వేసినట్టు. మా కెమెరామెన్ జేపెగ్‌తో పాటు రా ఫైల్ కూడా తీసి ఉంచాడు కాబట్టి బతికిపోయాం, కెమెరా రా లో హైలైట్స్ మైనస్ 65, వైట్స్ మైనస్ 20 పెట్టి తెరిస్తే ఆ మచ్చల్లో మడత అంచులు తిరిగొచ్చాయి. పైన చెప్పిన కొలతలన్నీ ఇలా తెరిచిన ఫైల్‌వే. అదే జేపెగ్ ఒక్కటే ఉండుంటే ఆ మచ్చని పక్క గుడ్డతో క్లోన్ చేసి మూసెయ్యడం తప్ప దారి లేదు, ఏ మోడ్ పెట్టినా లేని మడతని తీసుకురాలేదు. అందుకే ఇలాంటి పని ఒప్పుకునే ముందు చొక్కా మీద ఇన్ఫో ప్యానెల్ పెట్టి తిప్పి చూడండి, 255 లు పెద్ద పెద్ద చోట్ల ఉంటే కస్టమర్‌కి అప్పుడే చెప్పెయ్యండి, తర్వాత చెబితే వినరు.

రా ఫైల్‌తో ఇంకో లాభం 16 బిట్, అంటే వెలుతురుకి మెట్లు చాలా ఎక్కువ. తెల్ల చొక్కాలో సాపు ఛాతీ మొత్తం ఇరవై పాతిక మెట్ల లోపే నడుస్తుంది, లెవెల్స్‌తో దాన్ని సాగదీస్తే 8 బిట్‌లో మెట్లు విడిపోయి చారలు కనపడతాయి, పొట్ట మీద మ్యాపులో గీతల్లాగా. 8 బిట్ జేపెగ్‌ని 16 కి మార్చుకుంటే ఉన్న మెట్లు పెరగవు గానీ కొత్త నష్టం జరగదు, దాని మీద ఒక శాతం నాయిస్ కలిపితే చారలు చాలామటుకు చెదిరిపోతాయి.

అంచులు. తెల్ల చొక్కా అంచు పిక్సెల్ అంటే సగం తెలుపు సగం వెనకున్నది. మాస్క్ ఒక్క పిక్సెల్ లోపలికి ఉన్నా మెరూన్ చుట్టూ తెల్ల దారం కనపడుతుంది, ఫోటో మార్చారని ఎవరైనా పట్టేసేది దాంతోనే. ఈ ఫోటోలో వెనక ముదురు పచ్చ తోట ఉంది, అందుకని ఆ వైపు మాస్క్‌ని ఒక పిక్సెల్ బయటికి జరిపా, పచ్చ ఆకు మీద కాస్త మెరూన్ పడినా చీకట్లో కలిసిపోద్ది. మెడ దగ్గర, చేతుల దగ్గర అలా కుదరదు, ఒంటి మీద మెరూన్ పడితే వాత పెట్టినట్టుంటుంది, అక్కడ మాస్క్ కచ్చితంగా అంచు మీదే, అర పిక్సెల్ ఫెదర్. కుడి చెయ్యి పక్కన కాలవ మెరుస్తోంది, అక్కడ బయటికి జరిపితే నీళ్ళ మీద ఎర్రగీత వచ్చింది, అక్కడా వెనక్కి లాగా. ఒకే మాస్క్‌కి మూడు వైపులా మూడు నియమాలు.

అన్నీ అయ్యాక కూడా ఏదో తేడాగా ఉంది. చాలాసేపు చొక్కానే చూశా, తప్పు చొక్కాలో లేదు, గడ్డం కింద ఉంది. తెల్ల చొక్కా రిఫ్లెక్టర్ లాగా గడ్డం కిందకి, మెడ మీదకి వెలుతురు కొడుతుంది, చొక్కా మెరూన్ అయ్యాక ఆ వెలుతురు ఎక్కడినుంచి వస్తున్నట్టు? పెద్దాయన గడ్డం కింద చీకటిగా ఉంది, అల్లుడి గారికి తెల్లగా వెలుగుతోంది. గ్రూప్ పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి, మధ్యలో కొంచెం కిందకి లాగి, గడ్డం కింద మెడ మీద మాత్రం మెత్తటి బ్రష్‌తో మాస్క్ తెరిచా. ఎక్కువ కాదు, ఇద్దరి మెడలూ ఒక తీరుగా కనపడేంత. అప్పుడు ఆ చొక్కా ఆయన ఒంటి మీదకి వచ్చింది.

సరిపోయిందా లేదా చూసుకోడానికి అన్నిటికంటే పైన తాత్కాలికంగా ఇంకో హ్యూ శాచురేషన్ మైనస్ 100 పెట్టి ఫోటో మొత్తాన్ని నలుపు తెలుపు చేసి చూశా. రంగు ఉన్నంతసేపు కన్ను రంగునే చూస్తుంది, రంగు పోతే మడతలు ఒక్కటే మిగులుతాయి. మొదట పంపిన దాన్ని అలా చూస్తే మామగారి చొక్కా గుడ్డలా, అల్లుడి గారి చొక్కా బూడిద బోర్డులా ఉంది, అంత తేటగా తెలిసిపోయింది. ముందే అలా చూసుకునుంటే ఆ వాయిస్ మెసేజ్ వచ్చేది కాదు.

పాప ఫ్రాక్ మాత్రం తల్లకిందులు కథ. క్రీమ్ నుంచి లేత గులాబీకి, అంటే లేత రంగు నుంచి లేత రంగుకే, వెలుతురు పెద్దగా మారక్కర్లేదు, కాబట్టి ఇక్కడ కూర కలర్ మోడ్, పోపు మల్టిప్లై. అత్తగారు చూపించిన గులాబీ 244, 200, 208. కలర్ మోడ్ నూరు శాతం పెడితే ఫ్రాక్ సాపు చోట 255, 225, 230 వచ్చింది, మడతల్లో 213, 169, 177. మడతల్లో గులాబీ నిండుగా ఉంది, పైన మాత్రం ఎగిరిపోయి నాలుగు ఉతుకులు ఉతికినట్టుంది, ఇది కలర్ మోడ్ జాడ, వెలుతురు ఎక్కువున్నచోట రంగు పట్టదు. దాని మీద అదే గులాబీ మల్టిప్లైలో 35 శాతం పెడితే సాపు చోటు 251, 208, 215 అయింది, చాలు. కలర్ మోడ్ క్రీమ్ పసుపుని దానంతటదే తీసేసింది కాబట్టి ముందు మైనస్ 100 పెట్టాల్సిన పని లేకపోయింది. లెవెల్స్ కూడా పెట్టలేదు, లేత గులాబీ గుడ్డ కూడా తెలుపులాగే మడతలో వెలుతురు నింపుకుంటుంది, దాని నీడలు క్రీమ్ నీడల్లాగే పలచగా ఉండాలి. ముదర పెడితే పాప ఫ్రాక్ నలిగి మాసినట్టు కనపడేది. ఫ్రాక్ మీద బంగారు జరీ చిన్న అంచు ఉంది, దాన్ని మాస్క్‌లోంచి తీసేశా, జరీ గులాబీ అయితే రాగిలా ఉంటుంది.

షీట్ 12 బై 36, ప్రింట్‌కి పంపే ముందు చొక్కా భాగం ఒక్కటే కట్ చేసి 4 బై 6 టెస్ట్ ప్రింట్ తీయించా. స్క్రీన్ మీద ముచ్చటగా ఉన్న చంక కింద మడతలు కాగితం మీద కలిసిపోయాయి, రెండు మూడు మడతలు ఒకటే నల్లటి పట్టీ అయ్యాయి. పెద్దాయన చొక్కాలోనూ అదే జరిగింది గానీ అది నిజం చొక్కా కాబట్టి ఎవరూ అడగరు, నేను మార్చిన దాన్ని అడుగుతారు. మధ్య స్లైడర్‌ని 0.66 నుంచి 0.72 కి తెచ్చా, లోతు మడత 44 నుంచి 48 కి లేచింది, రెండో టెస్ట్ ప్రింట్‌లో మడతలు విడివిడిగా పడ్డాయి. స్క్రీన్ మీద అది నా కంటికి ఒక వీసం పలచగానే ఉంది, కానీ వాళ్ళు చూసేది కాగితం, అలాగే పంపేశా.